"మా డబ్బా ఎప్పుడిస్తారండీ?": ఒక నిమిషం సేవ్ ద డేట్ వీడియోకి స్క్రిప్టు

ప్రశ్న: మా పెళ్లి 2027 ఫిబ్రవరి 18 గురువారం రాత్రి 2.20కి, రాజమండ్రిలో. మాది రాజమండ్రి, అబ్బాయిది కరీంనగర్. హైదరాబాద్‌లో ఇద్దరం ఒకే ఆఫీసు. నా క్యారేజీలో ఆవకాయ రుచి చూసి, డబ్బాతో సహా ఇంటికి పట్టుకెళ్లాడు. ఆ స్టీలు డబ్బా ఇప్పటికీ తిరిగి రాలేదు. సేవ్ ద డేట్ వీడియో చిన్న ప్రేమకథలా, సరదాగా, చివర్లో చిన్న ట్విస్టుతో ఉండాలి. ఫోన్‌లోనే తీస్తాం. ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఇబ్బంది లేకుండా చూడగలగాలి. స్క్రిప్టు ఎలా రాసుకోవాలి?

సమాధానం:

ముందు ఒక్క విషయం తేల్చుకోండి. ట్విస్టూ తేదీ వేర్వేరు చోట్ల ఉంటే వీడియో పని చేయదు. చాలామంది ముప్పావు నిమిషం కథ చెప్పి, ఒక మలుపు తిప్పి, జనం నవ్వాక నల్ల తెర మీద తేదీ వేస్తారు. నవ్వేసిన మనిషి అక్కడే ఫోన్ పక్కన పెట్టేస్తాడు. మర్నాడు అడిగితే "భలే ఉందమ్మా వీడియో, ఇంతకీ పెళ్లెప్పుడూ?" అంటాడు. అందుకని కథలో ఒక ప్రశ్న ఉండాలి, ఆ ప్రశ్నకు జవాబు మీ పెళ్లి తేదీ అయి ఉండాలి. అప్పుడు కథ గుర్తుంటే తేదీ కూడా గుర్తుంటుంది.

మీకు ఆ ప్రశ్న దొరికేసింది. "డబ్బా ఎప్పుడిస్తారు?" అన్నదే. ఎప్పుడు అని అడుగుతోంది కాబట్టి జవాబు ఎలాగూ ఒక తేదీయే. ఆఫీసు, ఆవకాయ, స్నేహితులు, ఇంట్లో ఒప్పించడం, నిశ్చితార్థం అన్నీ చెప్పాలనిపిస్తుంది. అవన్నీ వదిలేయండి. నిమిషంలో ఒక వస్తువు, ఒక ప్రశ్న, ఇద్దరు మనుషులు. అంతకన్నా పట్టదు.

అదే ప్రశ్న మూడుసార్లు అడిగిస్తే ప్రేమకథ విడిగా చెప్పే పని కూడా తప్పుతుంది, ఆ పని మన భాషే చేసేస్తుంది. మొదటిసారి "ఎప్పుడిస్తారండీ?", రెండోసారి "ఎప్పుడిస్తారు?", మూడోసారి "ఎప్పుడిస్తావ్?" అండీ పోయింది, మీరు పోయింది, నువ్వు వచ్చింది. వాళ్లిద్దరి మధ్య ఏం జరిగిందో మన వాళ్లెవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. చేతులు పట్టుకోవడాలు, బీచ్‌లో పరుగులు లేకుండానే కథ నడుస్తుంది, పెద్దవాళ్ల ముందు తల దించుకునే షాటూ ఉండదు. ఇక "మా డబ్బా" అన్నది చివర్లో "మన డబ్బా" అవుతుంది. ఆ ఒక్క మాట మారినప్పుడే పెళ్లి కబురు చెప్పేసినట్టు. కాబట్టి ఆ మాటను చివరి దాకా దాచుకోండి, మధ్యలో ఎవరి నోటా "మన" అన్నది రాకూడదు.

ఇక ట్విస్టు. అబ్బాయి మతిమరుపు మనిషి కాబట్టి డబ్బా తేవట్లేదని చూసేవాళ్లు అనుకోవాలి. నిజానికి మూత లేక తేలేకపోతున్నాడు. ఆ మూత మొదటి రోజు నుంచీ అమ్మాయి బ్యాగులోనే ఉంది. అంటే ప్రతిసారీ డబ్బా అడిగిన మనిషే, అది తిరిగి రాకుండా చూసుకుంది. ఆ మూత లోపలి వైపు తేదీ చెక్కి ఉంటుంది. మన ఇళ్లలో స్టీలు సామాను మీద పేరూ తేదీ కొట్టించే అలవాటు ఎలాగూ ఉంది కదా, చూసేవాళ్లకి అది వింతగా అనిపించదు.

స్క్రిప్టు ఇలా రాసుకోవచ్చు. మొత్తం 58 సెకన్లు, నిలువు ఫ్రేము.

0–8 సెకన్లు. మామిడికాయల రోజులు. మధ్యాహ్నం, భోజనాల బల్ల.
డబ్బా నిండా ఆవకాయ, పైన తేలిన ఎర్రటి నూనె, దగ్గరి షాట్. ఒక చెంచా వచ్చి ముక్కను తీసుకుంటుంది. అబ్బాయి మొహం: కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆగిపోతాడు. అమ్మాయి డబ్బాను అతని వైపు జరుపుతుంది.
అమ్మాయి: "ఉంచుకోండి. డబ్బా మాత్రం మర్చిపోకండేం."
అతని ఫోన్ మోగుతుంది. డబ్బా పట్టుకుని అలాగే లేచి వెళ్లిపోతాడు. ఫ్రేము అంచున బల్ల మీద మూత, దాని మీద ఆమె చెయ్యి.

8–15. కొన్ని రోజుల తర్వాత. అదే బల్ల.
అమ్మాయి: "ఏవండీ, మా డబ్బా ఎప్పుడిస్తారండీ?"
అబ్బాయి: "అయ్యో, రేపు తెస్తనండి."

15–23. వానాకాలం. అదే బల్ల, పక్కన నీళ్లు కారుతున్న గొడుగు.
అమ్మాయి: "మా డబ్బా ఎప్పుడిస్తారు?"
అబ్బాయి: "ఖాళీ డబ్బా ఇయ్యొద్దంటది మా అమ్మ. ఏదన్న చేసినంక తెస్త."

23–33. దసరా. అదే బల్ల, మధ్యలో బంతిపూలు.
అమ్మాయి: "మా డబ్బా ఎప్పుడిస్తావ్?"
అబ్బాయి తల గోక్కుంటాడు.
అబ్బాయి: "నిజం చెప్పాల్నా? మూత దొరుకుతలేదు. ఇల్లంత దేవులాడిన. మూత లేకుంట ఎట్లియ్యాలె?"

33–42. అదే చోటు, అదే క్షణం. ముందు కాసేపు మాటల్లేవు.
ఆమె నవ్వాపుకుంటూ బ్యాగు తెరుస్తుంది. మూత తీసి బల్ల మీద పెడుతుంది. స్టీలు చప్పుడు.
అబ్బాయి: "ఇది నీ దగ్గరున్నదా!"
అమ్మాయి: "మొదటి రోజు నుంచీ."

42–53.
అబ్బాయి: "మరి మీ డబ్బా ఎప్పుడియ్యాలె?"
అమ్మాయి: "మీ డబ్బా కాదు. మన డబ్బా."
మూత తిరగేస్తుంది. లోపల చెక్కిన తేదీ. కెమెరా దాని మీదే ఆగుతుంది. తెర మీద అక్షరాలు వస్తాయి.
అబ్బాయి గొంతు, చదువుతూ: "ఫిబ్రవరి 18. గురువారం రాత్రి."

53–58.
అబ్బాయి చేతులు డబ్బాలో సకినాలు సర్దుతుంటాయి. వెనక నుంచి అతని అమ్మ గొంతు: "ఖాళీగ ఇయ్యకు బిడ్డా." మూత పడుతుంది. టప్.

మాటలన్నీ కలిపితే అరవై లోపే. నిమిషం వీడియోకి ఇదే ఎక్కువ. మీరు రాసుకున్నది గడియారం పెట్టుకుని ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుని మామూలుగా మాట్లాడి చూడండి. 35 సెకన్లు దాటితే మాటలు కోయండి, వేగంగా మాట్లాడొద్దు. వేగంగా చెప్పిన హాస్యం తాతయ్యలకి అందదు.

మూతను మొదటి షాట్‌లో చూపించడం మీద కాస్త ఎక్కువ చెప్పాలి, వీడియో నిలబడేది దాని మీదే. మూతను అసలు చూపించకపోతే చివర్లో బ్యాగులోంచి తీసినప్పుడు "ఇదెక్కడి నుంచొచ్చింది?" అనిపిస్తుంది, అది మోసం. మరీ ఎక్కువ చూపిస్తే దసరా సీను దాకా రాకుండానే జనం పసిగట్టేస్తారు. కాబట్టి మూత కనబడాలి, చూపు మాత్రం వేరే చోట ఉండాలి. అందుకే ఆ క్షణంలో ఫోన్ మోగించాం. చప్పుడు ఎటు వస్తే కన్ను అటు పోతుంది. మూత ఫ్రేములో కింది మూలన, ఆమె చెయ్యి దాని మీద, ముప్పావు సెకను నుంచి ఒక సెకను. మూత మీదికి ఫోకస్ మార్చకండి, దగ్గరి షాట్ వేయకండి, ఆమెతో మూతకేసి చూపించకండి. ఆమె చూస్తున్నది వెళ్లిపోతున్న అతని వైపే.

ఇది సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకునే దారి ఒక్కటే. మీ కథ తెలియని ఇద్దరికి వీడియో ఒక్కసారే చూపించండి. ముందు "పెళ్లి ఎప్పుడు?" అని అడగండి. తర్వాత "మూత ఆమె దగ్గరుందని ఎప్పుడు తెలిసింది?" అని. తేదీ చెప్పలేకపోతే చివరి పది సెకన్లలో లోపం ఉంది. మూత సంగతి బ్యాగు తెరవకముందే తెలిసిపోయిందంటే మొదటి షాట్‌లో కొంత కోయాలి. రెండోసారి చూసి "అరే, మొదట్లోనే ఉందిగా!" అన్నారంటే సరిగ్గా పడిందన్నమాట.

పెళ్లిని శిక్షగా, జైలుగా చూపించే జోకు ఎవరో ఒకరు తప్పకుండా ఇస్తారు. "డబ్బా దొంగకి జీవితఖైదు" అని. వద్దు. అందరూ వాడేసిన జోకు, పైగా అబ్బాయి మేనత్తకి నచ్చదు. యాస విషయంలోనూ అంతే జాగ్రత్త. ఆమె మాట గోదావరి మాటలా, అతని మాట కరీంనగర్ మాటలా ఉంటే వీడియోకి ప్రాణం వస్తుంది. కానీ మీరు ఇంట్లో ఎంత మాట్లాడతారో అంతే ఉండాలి. ఆమె "ఇస్తారండీ" చాలు, "ఇత్తారండీ" అని సాగదీస్తే సొంత బంధువులే మొహం మాడ్చుకుంటారు. అతని మాటలు పైన నేను రాసినట్టే చదవనక్కర్లేదు, అతని నోటికి ఎలా వస్తే అలా మార్చుకోమనండి.

ఇప్పుడు తేదీ. మీ విషయంలో ఇది చిన్న సంగతి కాదు. ముహూర్తం రాత్రి 2.20కి. పంచాంగం ప్రకారం సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా ఒక రోజు కాబట్టి అది గురువారమే. ఫోన్ క్యాలెండర్ ప్రకారం అప్పటికి 19వ తేదీ శుక్రవారం. శుభలేఖలో "గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం" అని వేస్తారు, పెద్దవాళ్లకి అర్థమవుతుంది. వీడియోలో "18 రాత్రి 2.20" అని వేస్తే డల్లాస్‌లో ఉన్న మీ కజిన్ రెండు రకాలుగా పొరబడొచ్చు. 17వ తేదీ రాత్రి గడిచాక వచ్చే 2.20 అనుకుంటే ఒక రోజు ముందు దిగుతాడు. లేదా ఎవరో "అంటే క్యాలెండర్‌లో 19" అని చెబితే, 19 సాయంత్రానికి టికెట్టు తీసి పెళ్లి అయిపోయాక వస్తాడు. అందుకని వీడియోలో ముహూర్తం సమయం వేయకండి. అది శుభలేఖ పని. వీడియో పని మనిషి ఏ రోజుకి అక్కడ ఉండాలో చెప్పడం. తెర మీద ఇంతే ఉండాలి:

ఫిబ్రవరి 18, 2027
గురువారం రాత్రి
రాజమండ్రి

వాటి కిందే చిన్నగా "సాయంత్రానికల్లా వచ్చేయండి" అని ఒక లైను. దాంతో గందరగోళం మొత్తం తీరిపోతుంది. ఏడాది తప్పకుండా వేయండి, ఈ వీడియోలు ఫార్వర్డ్ అవుతూ నెలల తరబడి తిరుగుతాయి. హాలు పేరు ఇప్పుడే వద్దు. బుకింగ్ ఖాయమయ్యే లోపు హాలు మారితే పాత వీడియో ఎవరి ఫోన్‌లోంచీ వెనక్కి రాదు.

ఆ మూడు లైన్లు తెర మీద కనీసం ఆరు సెకన్లు కదలకుండా ఉండాలి. అక్షరాలు ఎగురుకుంటూ వచ్చే ఎఫెక్ట్ పెడితే, అవి కుదురుకునే సమయం ఆరు సెకన్లలో కలపకండి. తాతయ్య అద్దాలు తీసి పెట్టుకునే వ్యవధి ఇవ్వాలిగా. అక్షరాలు ఫ్రేము మధ్యలో ఉండాలి. అడుగున వేస్తే రీల్స్‌లో పేరు, క్యాప్షన్ వచ్చి వాటి మీద కూర్చుంటాయి, కుడి అంచున లైకు గుర్తులు మింగేస్తాయి.

తెలుగు అక్షరాలతో ఒక చిక్కుంది. కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో ఒత్తులు విడిపోతాయి. "ఫిబ్రవరి"లో బ కింద ఉండాల్సిన రావత్తు పక్కకి పోయి పొల్లుగా కనబడుతుంది, "రాజమండ్రి"లో ండ్రి ముక్కలవుతుంది. మీ తేదీలో ఈ రెండు పదాలూ ఉన్నాయి కాబట్టి పరీక్షకి వేరే పదాలు వెతకనక్కర్లేదు, యాప్‌లో ముందు ఈ రెండూ టైపు చేసి చూడండి. విడిపోతే రెండు కారణాలుండొచ్చు. ఆ యాప్‌కి తెలుగు కూర్పు రాకపోవచ్చు, లేదా ఎంచుకున్న ఫాంటులో తెలుగు లేకపోవచ్చు. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు పెట్టి చూడండి. తేదీకి రామభద్రలా లావుగా ఉన్నది బాగుంటుంది, మాటల కింద వేసే అక్షరాలకి మండలి. అప్పటికీ విడిపోతుంటే, ఒత్తులు సరిగ్గా చూపించే వేరే యాప్‌లో తేదీ రాసి, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా దాచి, వీడియో మీద బొమ్మలా అతికించండి. ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు అను ఫాంట్లలో టైపు చేసి ఇచ్చిన అక్షరాలను మాత్రం కాపీ చేసి పెట్టకండి. అవి యూనికోడ్ కావు, మీ యాప్‌లో పిచ్చి గీతలుగా వస్తాయి.

మాటలన్నిటికీ కింద అక్షరాలు వేయండి. ఆఫీసులో, బస్సులో, పడుకున్న పిల్లాడి పక్కన చాలామంది సౌండు లేకుండానే చూస్తారు. "ఇస్తారండీ, ఇస్తారు, ఇస్తావ్" అన్న తేడా అక్షరాల్లో కనబడకపోతే వాళ్లకి కథే లేదు. ఆ మూడు ప్రశ్నలూ తెర మీద సరిగ్గా ఒకే చోట, ఒకే సైజులో పడేలా చూసుకోండి. చివరి అక్షరాలు మారడం కంటికి తెలుస్తుంది. "మన" అన్న మాట ఒక్కటీ వేరే రంగులో వేస్తే చాలు, అంతకన్నా గుర్తులు వద్దు.

మూత షాట్ ఒక్కటే కష్టమైనది. దానికి విడిగా ఒక గంట పెట్టుకోండి. స్టీలు సామాను అమ్మే షాపులో పేర్లు కొట్టేవాళ్లు ఉంటారు. మూత లోపలి వైపు చదునుగా, నాలుగంగుళాలకు తగ్గకుండా ఉన్నదైతే వాళ్ల మెషిన్ బాగా ఆడుతుంది, అంచు లోతుగా ఉన్న మూతలో చెయ్యి తిరగదు. లోపల "18-2-2027", దాని కింద మీ ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలు. అంతకుమించి కొట్టిస్తే ఫోన్‌లో చదవలేరు. మీ అసలు డబ్బా మూత మీదే కొట్టించక్కర్లేదు, అదే సైజు డబ్బాలు రెండు కొనుక్కోండి. ఒకదానితో సాధన, ఒకదానితో షూటు.

చెక్కిన గీతలు కంటికి కనబడినంత బాగా కెమెరాకి కనబడవు, గీతా స్టీలూ ఒకే రంగు కదా. గీతల్లో కాటుక రుద్ది, పొడి గుడ్డతో పైపైన తుడిచేయండి. గీతల్లో నలుపు నిలిచి అంకెలు తేలతాయి. ఎరుపు కావాలంటే కుంకుమలో రెండు చుక్కల కొబ్బరినూనె కలిపి అదే పని చేయొచ్చు, కాకపోతే ఫోన్ తెర మీద నలుపు అంత స్పష్టంగా ఉండదు. ముందు సాధన మూత మీద చూసుకోండి.

రెండో చిక్కు, మూత అద్దంలా ఉంటుంది. అందులో ఫోనూ, పట్టుకున్న చెయ్యీ, పైనున్న ఫ్యానూ కనబడతాయి. మూతకి ఎదురుగా, కెమెరాకి పక్కగా ఒక తెల్ల చార్టు గానీ ఉతికిన తెల్ల దుప్పటి గానీ పట్టుకోమనండి. మూతను కొద్దిగా దాని వైపు వంచితే ఆ తెలుపే మూతంతా పరుచుకుని, మీరు మాయమవుతారు, నల్ల అంకెలు నిలబడతాయి. ఎంత వంచాలో ఎవరూ ముందే చెప్పలేరు, ఫోన్ తెరలో చూస్తూ కొద్దికొద్దిగా తిప్పుకోవాలి. కుదిరిన చోట ఆమె మోచెయ్యి ఎక్కడుందో బల్ల మీద టేపు ముక్కతో గుర్తు పెట్టండి, మూత తిరగేసినప్పుడు చెయ్యి అక్కడికే రావాలి. ఫోన్‌ని మూతకి ఆనించినంత దగ్గరగా పెట్టకండి. వెనక్కి జరిగి 2x లో తీయండి. మరీ దగ్గరైతే కొన్ని ఫోన్లు వాటంతట అవే వేరే లెన్సుకి మారి, షాట్ మధ్యలో బొమ్మ ఎగురుతుంది. తెర మీద వేలు నొక్కి పట్టి ఫోకస్, వెలుతురు లాక్ చేయడం మర్చిపోవద్దు. లేకపోతే తెల్ల చార్టు ప్రతిబింబం పడగానే బొమ్మంతా ఒక్కసారి చీకటవుతుంది.

మిగతా షూటింగ్ తేలికే. ఆఫీసులో తీయకండి. అనుమతులు, వెనక తిరిగే మనుషులు, కంపెనీ గుర్తులు, అన్నీ తలనొప్పులే. ఇంట్లో భోజనాల బల్ల, పక్కన ఒక కిటికీ ఉంటే చాలు. మెడలో తిరగేసిన ఐడీ కార్డు వేసుకుంటే ఆఫీసని అందరికీ తెలుస్తుంది. నాలుగు కాలాలూ ఒకే పూటలో తీసేయొచ్చు: ఫోన్ ట్రైపాడ్ మీద కదపకుండా ఉంచి, కుర్చీ కాళ్ల దగ్గర టేపు అంటించి, బట్టలు మార్చుకుంటూ వస్తువులు మార్చండి. కథలో నెలలు మారుతున్నా ఫ్రేము వెంట్రుకవాసి కూడా మారకూడదు. అప్పుడే చూసేవాళ్లు మారినదాన్ని, అంటే వాళ్ల మాటను గమనిస్తారు. కిటికీ వెలుగు రెండు గంటలకి మించి ఒకేలా ఉండదు కాబట్టి పొద్దున తొమ్మిదికల్లా మొదలుపెట్టండి. ట్యూబ్‌లైట్లు ఆర్పేయండి. కొన్ని లైట్ల కింద వీడియోలో నల్ల చారలు పాకుతాయి, అవి తర్వాత తేలిగ్గా పోవు. తీసే వరుసలో ఆవకాయ సీను ఆఖరున పెట్టుకోండి. నూనె చీర మీద పడితే మిగతా మూడు సీన్లూ ఆగిపోతాయి.

పాట విషయం. సినిమా పాట పెడితే యూట్యూబ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో హక్కుల వాళ్లు సౌండు ఆపేయించవచ్చు, వీడియోనే తీయించేయవచ్చు. మీ వీడియోకి పాట అక్కర్లేదు కూడా. డబ్బా అంచు మీద చెంచాతో, వేళ్లతో కొట్టిన తాళం రికార్డు చేసి సీను మారిన ప్రతిసారీ రెండు సెకన్లు వాడండి. మూత బల్ల మీద పెట్టినప్పుడు ఆ తాళం ఆగిపోవాలి. తేదీ కనబడగానే సన్నాయి, అది కూడా మీకు తెలిసిన మేళం వాళ్ల చేత నాలుగు సెకన్లు వాయించి రికార్డు చేసుకోండి. ఆ సన్నాయి వినగానే వంటింట్లో ఉన్నవాళ్లు కూడా ఫోన్ వైపు తిరుగుతారు.

పంపడంలో ఒక వరుస ఉంది. లగ్నపత్రిక రాయించుకోకముందు ఎవరికీ పంపొద్దు. పెద్దలు తేదీ ఖాయం చేయకుండా పిల్లలు వీడియోలు తిప్పారన్న మాట రెండు వైపులా పడుతుంది. అది అయ్యాక ముందు ఇద్దరి అమ్మానాన్నలకీ, తర్వాత మేనమామలకీ మేనత్తలకీ, ఆ తర్వాత స్నేహితులకీ, ఆఖరున స్టేటస్. పెద్దవాళ్లకి విడివిడిగా పంపి "శుభలేఖతో ఇంటికొస్తాం" అని ఒక లైను రాయండి, వీడియో వచ్చింది కాబట్టి పిలుపు అయిపోయిందని అనుకోకుండా. బంధువుల్లో, స్నేహితుల్లో విదేశాల్లో ఉన్నవాళ్లకి మాత్రం మిగతావాళ్లకన్నా ముందు వెళ్లాలి. టికెట్లు, సెలవులు వాళ్లకే పెద్ద పని, నాలుగు నెలల ముందు తెలిస్తే ఊపిరాడుతుంది. అంటే దసరా నాటికి వీడియో చేతిలో ఉండాలి, సకినాల సీను కోసం సంక్రాంతి దాకా ఆగితే ఆలస్యం. కరీంనగర్ నుంచి ముందుగానే ఒక పాతిక సకినాలు చేయించి తెప్పించుకోండి. సగం దారిలో విరుగుతాయి, డబ్బాలో సర్దే షాట్‌కి పది నిండువి మిగిలితే చాలు.

వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది సైజు తగ్గించేస్తుంది, మూత మీద సన్న గీతలు మసకబారతాయి. పంపేముందు హెచ్‌డీ ఎంచుకోండి. టీవీలో చూసే పెద్దవాళ్లకి డాక్యుమెంట్‌గా పంపండి, చెక్కు చెదరకుండా వెళ్తుంది. మీరు తగ్గిన సైజులోనే ఒకసారి పాత ఫోన్‌లో చూసుకోండి. అందులో అంకెలు చదవగలిగితే అందరికీ చదవగలిగినట్టే.

వీడియో అందరికీ వెళ్లేదాకా ఆ చెక్కిన మూతను వంటింట్లోకి పోనివ్వకండి. ఎవరో ఒకరు పీచుతో తోమేస్తే కాటుక పోవడమే కాదు, లోపలంతా గీతలు పడి వెలుతురు వేరేలా విరుగుతుంది. ఆ షాట్ మళ్లీ తీయాల్సి వస్తే మిగతా షాట్లతో కలవదు.